లోగో కింద మడత ఎక్కడికీ పోలేదు

విశాఖలో యూనిఫాంలు కుట్టించి ఇచ్చే దుకాణాలకు తరచూ ఎదురయ్యే చిక్కు ఒకటుంది. పరవాడ ఫార్మా సిటీలో ఏదో కంపెనీకో, పోర్టు పనులు చేసే కాంట్రాక్టరుకో కాలర్ టీషర్టులు తయారుచేస్తారు. సరుకు పంపేముందు ఒకదాన్ని బొమ్మకు తొడిగి ఫోటో తీయించుకుంటారు. ఏడాది తిరిగాక కేటలాగు వేసుకుందామంటే చేతిలో ఉన్నవి ఆ ఫోటోలే. వాటన్నిటిలోనూ గుండె మీద ఆ కంపెనీ లోగో ఉంటుంది. ఒక కస్టమరు లోగో ఉన్న ఫోటోను ఇంకో కస్టమరుకు చూపించడం మర్యాద కాదు. సరుకు ఎప్పుడో వెళ్లిపోయింది, మళ్లీ ఫోటో తీద్దామంటే ఆ రంగు థాను కూడా మిగల్లేదు. అప్పుడు డాబాగార్డెన్స్‌లోనో, ద్వారకానగర్‌లోనో ఉన్న డిజైనర్ దగ్గరికి వెళ్లి, "లోగో మీద కొంచెం రంగు కొట్టెయ్ బాబూ, చాలు" అంటారు.

అలా రంగు కొడితే చాలదని అందరికన్నా ముందు కనిపెట్టేది ఫోటో చూసే కస్టమరే. ఏం జరిగిందో అతను చెప్పలేకపోవచ్చు గానీ ఛాతీ మీద ఏదో తేడాగా ఉందని మాత్రం ఇట్టే పసిగడతాడు.

ఇక్కడ చెబుతున్నది తన సరుకు ఫోటోను తానే శుభ్రం చేసుకోవడం గురించి. వేరే బ్రాండు చొక్కా ఫోటో తెచ్చి, లోగో తీసేసి, మాదేనని అమ్మడం కొనేవాణ్ణి మోసం చేయడమే. అలాంటి ప్రకటన 2019 వినియోగదారుల రక్షణ చట్టం కిందికి వస్తుంది. ఆ పని అడిగితే కాదని చెప్పడమే మేలు.

ఉదాహరణకు ఒక్క ఫోటో తీసుకుందాం. బాటిల్ గ్రీన్ రంగు కాలర్ టీషర్టు, మ్యాటీ బట్ట, అంటే దగ్గరగా చూస్తే తేనెపట్టులా చిన్న చిన్న గళ్లు కనిపించే అల్లిక. ఎడమ ఛాతీ మీద తెల్లటి ప్రింటు లోగో. చంక దగ్గర మొదలైన మడత ఒకటి ఏటవాలుగా వచ్చి లోగో మధ్యలోంచి గుండీల పట్టీ వైపు పోతోంది. లైటు ఒక పక్కనుంచి పడుతోంది. ఫోటో నిలువుగా 4000 బై 6000 పిక్సెళ్లు. అందులో టీషర్టు ఛాతీ వెడల్పు 52 సెంటీమీటర్లు దాదాపు 2900 పిక్సెళ్లలో పరుచుకుంది. అంటే సెంటీమీటరుకు 56 పిక్సెళ్లు. 8 సెంటీమీటర్ల లోగో 450 పిక్సెళ్లు ఉంటుంది. అల్లికలో ఒక్కో గడి మిల్లీమీటరూ పావు, అంటే 7 పిక్సెళ్లు. ఈ 7 అనే అంకె గుర్తుంచుకోవాలి, చివరిదాకా దీనితోనే పని.

ఫోటోషాప్‌లో అందరూ ముందు పట్టుకునేది క్లోన్ స్టాంప్. పక్కనున్న బట్టను తీసి లోగో మీద అద్దడం. కానీ ఆ పక్క బట్ట మీద పడిన వెలుగు వేరు, లోగో దగ్గర మడత వల్ల వచ్చిన నీడ వేరు. అద్దిన ప్రతిచోటా మచ్చ తేలుతుంది. మచ్చ కనపడకుండా మెత్తని బ్రష్షుతో రుద్దితే అల్లిక చెరిగిపోయి ఛాతీ మీద నున్నటి అచ్చు మిగులుతుంది. Content-Aware Fill నొక్కినా ఇంచుమించు ఇదే గతి. అది చుట్టూ ఉన్న ముక్కల్ని తెచ్చి ఇరికిస్తుంది గానీ మడత ఇటునుంచి అటు పోతోందన్న సంగతి దానికి తెలియదు. లోగో అంచు దగ్గర మడత తెగిపోయి, అవతలి అంచు దగ్గర మళ్లీ మొలుస్తుంది.

అసలు చిక్కు ఏమిటంటే ఇక్కడ పోయినవి రెండు, వాటిని ఒకటిగా చూస్తున్నాం. ఒకటి మడత, అంటే వెలుగునీడల మెల్లని ఎత్తుపల్లాలు. రెండోది అల్లిక, అంటే 7 పిక్సెళ్లకొకసారి తిరిగే గళ్లు. మొదటిదాన్ని వేరేచోటు నుంచి తేలేం, ఎందుకంటే ఆ మడత ఆ ఒక్కచోటే ఉంది. రెండోదాన్ని వేరేచోటు నుంచి తేకుండా కుదరదు, ఎందుకంటే ప్రింటు ఇంకు గళ్లను పూడ్చేసింది. ఒకదాన్ని ఉన్నచోటే వెతకాలి, ఇంకోదాన్ని అరువు తేవాలి. ఒకే బ్రష్షుతో రెండూ చేయబోవడం వల్లే పని చెడుతుంది.

మడతను ఉన్నచోటే వెతకడం అంటే లోగోలోనే వెతకడం. చాలామంది గమనించని విషయం ఇది. తెల్ల ఇంకు కూడా ఆ బట్టతో పాటే ముడుచుకుంది. మడత ఎత్తు మీద ఇంకు వెలుగుతోంది, లోయలో నీడపట్టి ఉంది. రంగు మారిందంతే, వెలుగునీడల లెక్క చెక్కుచెదరలేదు. కాబట్టి లోగోను చెరపకుండా దాని తెలుపును బట్ట ఆకుపచ్చగా దించితే మడత దానంతటదే బయటపడుతుంది.

ఎంత దించాలో కంటితో తేల్చకూడదు, కొలవాలి. ఐడ్రాపర్‌కు Sample Size దగ్గర 11 by 11 Average పెట్టుకోవాలి. లేకపోతే ఒకసారి గడి అంచూ, ఇంకోసారి గడి గుంటా తగిలి అంకెలు గెంతుతాయి. మడత ఎత్తు మీద లోగో లోపల ఒక చుక్క, అదే ఎత్తు మీద లోగో బయట పక్కనే బట్ట మీద ఒక చుక్క పెట్టాలి. మడత లోయలోనూ అలాగే లోపలొకటి, బయటొకటి. సున్నా అంటే చీకటి, 255 అంటే నిండు వెలుగు అనే లెక్కలో, ఆకుపచ్చ చానల్లో మన ఫోటో అంకెలు ఇలా వచ్చాయనుకుందాం: వెలుగులో లోగో 226, బట్ట 62. నీడలో లోగో 168, బట్ట 44.

ఈ అంకెలు మొదట నమ్మబుద్ధి కాదు. లోగో 58 మెట్లు దిగితే బట్ట 18 మెట్లే దిగింది. మడత బట్ట మీద తక్కువగా, ఇంకు మీద ఎక్కువగా ఉందా? లేదు. ఫోటో ఫైల్లో ఉండే అంకెలు నేరుగా వెలుగు కొలతలు కావు, కంటికి అనువుగా వంచి రాసినవి. ఆ వంపు విప్పి చూస్తే 226 నుంచి 168కి దిగడమంటే వెలుగు దాదాపు సగం కావడం. 62 నుంచి 44కి దిగడమన్నా అంతే, దాదాపు సగం. రెండు చోట్లా మడత నీడ ఒక్కటే. లోపలి జతా బయటి జతా ఇలా పొంతన కుదిరితే లోగోలో మడత క్షేమంగా ఉన్నట్టు.

ఇక ఒక్కో వెలుగు అంకెను మనం చెప్పిన అంకెకు మార్చే Curves లేయరు ఒకటి వేసి, దాని మాస్కు లోగో ఆకారానికి సరిగ్గా కత్తిరించాలి. మాస్కు కోసం పెన్ టూల్‌తో అక్షరాల చుట్టూ తిరగడం వృథా శ్రమ. బాటిల్ గ్రీన్ బట్ట ఎరుపు చానల్లో దాదాపు నల్లగా ఉంటుంది, తెల్ల లోగో తెల్లగా ఉంటుంది. ఆ చానల్‌ను కాపీ చేసి Levelsతో ఇంకాస్త బిగిస్తే మాస్కు తయారు. తర్వాత Curvesలో ఆకుపచ్చ చానల్ ఎంచుకుని రెండు చుక్కలు పెట్టాలి: 226 వచ్చేచోట 62, 168 వచ్చేచోట 44. కుడి చివర 255 దగ్గరుండే కొనను కూడా అదే వాలులో 71కి దించాలి, లేకపోతే రెండు చుక్కల నడుమ గీత వంకర తిరుగుతుంది. ఎరుపుకూ నీలానికీ విడివిడిగా ఇలాగే కొలిచి పెట్టాలి. మూడు చానళ్లకూ కలిపి ఒకటే గీత గీస్తే బట్ట బూడిద రంగులోకి దిగుతుంది.

మూడు గీతలూ పడ్డాక లోగో ఆకుపచ్చలోకి దిగి, చంక దగ్గర మొదలైన మడత తెగకుండా పట్టీ దాకా సాగడం తెరమీద కనిపిస్తుంది. అక్షరాల రూపం సన్నని గీతల్లా ఇంకా కనిపిస్తూనే ఉంటుంది, దాని సంగతి తర్వాత. రంగు సరిగ్గా కుదిరిందో లేదో చూడటానికి మంచి చోటు అక్షరాల లోపలి ఖాళీలు. 'O' నడుమ ఉండేది అసలు బట్టే. చుట్టూ ఉన్న మార్చిన రంగు దానితో కలిసిపోవాలి. అక్కడ తేడా ఉంటే మూడో చుక్క ఒకటి మధ్యరకం వెలుగున్న చోట కొలిచి పెట్టాలి.

ఇది ఎక్కడ పనిచేయదో కూడా చెప్పుకోవాలి. తెల్ల లోగో మీద లైటు మరీ ఎక్కువై 255కి తగిలిపోతే అక్కడ మడత సమాచారం లేదు. రా ఫైలు ఉంటే ఎక్స్‌పోజర్ తగ్గించి మళ్లీ తెరిచి చూడాలి. లేకపోతే ఆ కాస్త మేర మడతను రెండు వైపులా చూసుకుంటూ చేత్తో వేయాల్సిందే. మెరిసే ఫాయిల్ ప్రింటు అయితే అది అద్దంలా లైటును తిప్పికొడుతుంది, దాని వెలుగుకూ బట్ట వెలుగుకూ పొంతన ఉండదు. అన్నిటికన్నా కష్టం తెల్ల చొక్కా మీద నల్ల లోగో. తెలుపును ముదురు ఆకుపచ్చలోకి దించినప్పుడు 58 మెట్లు 18లోకి సర్దుకున్నాయి. ఫోటోలోని గరుకు కూడా వాటితో పాటు అణిగింది. నలుపును తెలుపుకు ఎత్తాలంటే 18 మెట్లను 58కి సాగదీయాలి. గరుకు మూడింతలవుతుంది, నీడలు చారలు చారలుగా విడిపోతాయి. 8 బిట్ జేపెగ్‌లో అయితే ఆ పని దాదాపు వృథా. రా ఫైలును 16 బిట్‌లో తెరిచి చేస్తే కొంత గిట్టుబాటవుతుంది.

మడత దొరికింది. ఇప్పుడు అల్లిక.

దీనికి ఫోటోను రెండు పొరలుగా విడదీయాలి. కింది పొరలో వెలుగునీడలూ రంగూ, పై పొరలో అల్లిక. ఇప్పటిదాకా చేసినదంతా ఒక్క లేయరుగా కలిపి, దానికి రెండు కాపీలు తీసి, కింది కాపీకి Gaussian Blur వేస్తారు. పై కాపీలో Image మెనూలోని Apply Image తెరిచి కింది దాన్ని తీసివేస్తారు. 8 బిట్ ఫైలైతే Blending దగ్గర Subtract, Scale 2, Offset 128. 16 బిట్ అయితే Add, Invert టిక్కు, Scale 2, Offset 0. పై పొర Blend Mode మాత్రం Linear Light. జరిగే లెక్క ఇంతే:

```
పై పొర = (అసలు - కింది పొర) / 2 + 128
```

రెండు పొరలూ కలిపి చూస్తే ఫోటో మునుపటిలాగే ఉండాలి. ఏమాత్రం మారినట్టు కనిపించినా ఏదో ఒక అంకె తప్పు పడినట్టే, ముందుకు పోకూడదు.

ఈ విడదీయడం Curves పని అయ్యాకే చేయాలని పట్టుబట్టడానికి కారణం ఉంది. ముందే విడదీస్తే Blur వల్ల లోగో తెలుపు చుట్టూ ఉన్న ఆకుపచ్చలోకి పాకుతుంది. తర్వాత లోగో తీసినా దాని చుట్టూ పాలమీగడ లాంటి తెల్లని అంచు మిగిలిపోతుంది, దాన్ని వదిలించుకోవడానికి ఇంకో పూట పడుతుంది.

Blur రేడియస్ ఎంత ఉండాలన్నదానికి ఎవరికి వారు ఒక అంకె చెబుతుంటారు. ఏ అంకైనా బట్టనుబట్టే. రేడియస్ సున్నా నుంచి మెల్లగా పెంచుకుంటూ పోయి, గళ్లు కనుమరుగైన చోట ఆగాలి. మన బట్ట గడి 7 పిక్సెళ్లు కాబట్టి 3, 4 దగ్గర అది మాయమవుతుంది. ఇంకా తక్కువైతే గళ్లలో కొంత కింది పొరలోనే ఉండిపోతుంది. 20, 30 దాకా పోతే మడతల అంచులు కూడా పై పొరలోకి ఎక్కేస్తాయి. అప్పుడు అల్లిక అరువు తెచ్చుకోబోతే దానితో పాటు వేరేచోటి మడత కూడా వచ్చి కూర్చుంటుంది.

ఇప్పుడు పై పొర ఒక్కదాన్నే చూస్తే బూడిదరంగు మీద తేనెపట్టు గళ్లు, మధ్యలో లోగో ఉన్న మేర నున్నగా, చుట్టూ అక్షరాల అంచు గీతలు. ఇందాక మిగిలిపోయాయన్న గీతలు ఇవే. ఆ నున్నటి మేరను పూర్తిగా కప్పేంత ముక్కను అదే పొరలో వేరేచోటు నుంచి తెచ్చి పెట్టాలి. ఎక్కడినుంచి తేవాలన్నదే ఇక్కడ నేర్పు.

అల్లిక బట్టలో నిలువు వరసలుంటాయి, అడ్డ వరసలుంటాయి. బొమ్మ ఛాతీ గుండ్రం కాబట్టి చంక వైపు పోయేకొద్దీ నిలువు వరసలు దగ్గరపడతాయి. కుడి ఛాతీ నుంచి ముక్క తెచ్చి ఎడమ వైపు పెడితే వరసల వంపు ఎదురు తిరుగుతుంది. తిప్పి పెడదామా అంటే లైటు ఒక పక్కనుంచే వస్తోంది కాబట్టి ఒక్కో గడి నీడ తప్పు వైపు పడుతుంది. అందుకని లోగోకు సరిగ్గా కిందనో, పైననో, అవే నిలువు వరసల్లోంచి తేవడమే క్షేమం. ముక్కను కొత్త లేయరులోకి తీసి, దాన్ని పై పొరకు Clipping Maskగా కట్టి, కింది పొరను ఆపి ఉంచి, తాత్కాలికంగా Difference మోడ్‌లో పెట్టి, యారో కీతో ఒక్కో పిక్సెల్ జరుపుతూ పోతే లోగో చుట్టూ ఉన్న మేరలో అసలు గళ్లూ తెచ్చిన గళ్లూ ఒకదానిమీదొకటి కూర్చున్న క్షణాన ఆ అంచులు నల్లబడతాయి. అక్కడ ఆగి, మోడ్ మామూలుగా మార్చుకుని, కింది పొరను మళ్లీ చూపించుకోవాలి. ఒక అంచు కుదిరి రెండోది జారితే Warpతో కాస్త లాగొచ్చు. మడత మీద గళ్లు ఒకవైపు నొక్కుకుపోయి కనిపిస్తాయి కదా, ఆ నొక్కు కూడా అక్కడే ఇవ్వాలి.

అతుకు దగ్గర మెత్తని బ్రష్షు వాడకూడదు. రంగు విషయంలో మెత్తదనం మేలు చేస్తుంది, అల్లిక విషయంలో కీడు చేస్తుంది. రెండు గళ్ల వరసలు అరగడి అటూఇటూగా ఉండి సగం సగం కలిస్తే ఒకదాని ఎత్తు ఇంకోదాని గుంటలో పడి రెండూ చదునైపోతాయి. అతుకు పొడుగునా నున్నటి చార కనిపించేది అందుకే. మాస్కు అంచును గట్టిగా ఉంచి, రెండు నిలువు వరసల మధ్య సందులోంచి గళ్ల ఆకారాన్నే అనుసరిస్తూ మెలికలు మెలికలుగా పోనివ్వాలి. మడత లోయ దొరికితే అతుకును అందులోకి దించితే ఇంకా మంచిది, నీడలో ఎవరికీ కనపడదు.

నీడ అన్నాను కాబట్టి ఇంకో సంగతి. ఈ రెండు పొరల పద్ధతిలో అల్లికను కింది పొరకు కూడుతున్నాం, హెచ్చించడం లేదు. వెలుగులో గడి ఎత్తుకూ గుంటకూ తేడా 12 మెట్లు ఉంటే నీడలో అది ఇంకా తక్కువ ఉంటుంది. వెలుగులోంచి తెచ్చిన ముక్క మడత లోయలో పెడితే ఆ 12 మెట్లూ అలాగే వచ్చి కూర్చుంటాయి. లోయలో గళ్లు ఉన్నట్టుండి గరగరలాడుతూ మడత నీడలోంచి పైకి పొడుచుకొస్తాయి. తెచ్చిన ముక్క మీదే ఒక Curves వేసి, 128ని కదలకుండా పట్టుకుని, నీడపడ్డ మేరలో గీతను చదును చేస్తే గళ్లు అణుగుతాయి. ఎంత చదును చేయాలో లోగో బయట అదే లోయలో ఉన్న అసలు గళ్లు చూసి తేల్చుకోవాలి.

పొరలు విడదీయడం ఫోటోషాప్‌కే సొంతం కాదు. జింప్‌లో Wavelet decompose ఒక్క దెబ్బకు ఫోటోను అరడజను పొరలు చేసి పెడుతుంది, గళ్లున్న పొరలు ఏవో చూసుకుని వాటిమీదే పనిచేయొచ్చు. మ్యాటీ కాకుండా ట్విల్ బట్ట అయితే ఏటవాలు గీతల కోణం తప్పకూడదు. మామూలు పాప్లిన్ చొక్కా అయితే పడుగూ పేకా ఇంత దూరం నుంచి తీసిన ఫోటోలో పెద్దగా కనపడనే కనపడవు, సగం శ్రమ తప్పుతుంది.

తెరమీద నూరు శాతంలో చూసి బాగుందనుకున్న పని కేటలాగులో బయటపడిపోవడం చాలామందికి అనుభవమే. దానికి కారణం ఆ 7 పిక్సెళ్లే. 4000 బై 6000 ఫోటోను ఫోన్లో చూపించడానికి 1000 బై 1500కు కుదిస్తే గడి 7 నుంచి 1.75 పిక్సెళ్లకు దిగుతుంది. ఒక గడిని సరిగ్గా చూపించడానికి కనీసం రెండు పిక్సెళ్లు కావాలి. అంతకు తగ్గితే గళ్లు పోయి వాటి స్థానంలో పెద్ద పెద్ద అలల్లాంటి చారలు పుడతాయి. దీన్నే మాయిరే అంటారు. చొక్కా అంతటా ఒకే తీరున అలలుంటే జనం అంతగా పట్టించుకోరు. కానీ మన అతుకు దగ్గర గళ్లు అరగడి జరిగి ఉంటే అక్కడ అల కూడా సగం జరుగుతుంది. పెద్ద ఫోటోలో మూడున్నర పిక్సెళ్ల తేడా ఎవరికీ కనపడదు. చిన్న ఫోటోలో అది వేలెడంత చారగా తేలి, లోగో ఉన్న చోటును చుట్టి చూపిస్తుంది. అందుకని పని ముగిసిందనుకున్నాక కాపీ ఒకటి తీసి, ఏ సైజులో వాడతారో ఆ సైజుకే కుదించి చూడాలి. అలలు తేలితే లోగో ఉన్న మేర ఒక్కదాన్నే సరిచేయబోకూడదు. చొక్కా మొత్తం మీద పై పొరను కొద్దిగా మెత్తబరిచి ఆ తర్వాత కుదించాలి.

రంగు తేడా పట్టుకోవడానికి ఇంకో పరీక్ష ఉంది. అన్నిటికీ పైన ఒక Curves లేయరు పెట్టి గీతను కొండలూ లోయల్లా నాలుగైదు సార్లు ఎక్కించి దించాలి. ఫోటో రంగులు పిచ్చిపిచ్చిగా మారిపోతాయి గానీ కింది పొరలో లోగో నీడ ఏ మూలైనా మిగిలి ఉంటే అక్షరాలు చదవగలిగేంత స్పష్టంగా పైకి వస్తాయి. ఎక్కువగా మిగిలేది మాస్కు అంచు వెంబడి రెండు మూడు పిక్సెళ్ల మేర, ఎందుకంటే అక్కడ తెలుపూ ఆకుపచ్చా కలిసిపోయి ఉంటాయి. కింది పొరలో ఆ అంచును లాసోతో చుట్టి కొద్దిగా Blur వేస్తే పోతుంది. అక్కడ అల్లిక లేదు కాబట్టి మెత్తదనంతో భయం లేదు.

ఇదంతా ప్రింటు లోగో సంగతి. కుట్టిన లోగో, అంటే ఎంబ్రాయిడరీ అయితే కథ మారుతుంది. దారం బట్టను గుంజుతుంది. వెనక వేసిన కాగితం ఆ మేరను అట్టలా బిగిస్తుంది. చంక దగ్గర మొదలైన మడత లోగో దాకా వచ్చి దాన్ని దాటలేక పక్కకు తప్పుకుని పోతుంది, లోగో చుట్టూ సూర్యకిరణాల్లా చిన్న చిన్న ముడతలు పడతాయి. దారం మెరుపు వల్ల పైన చెప్పిన అంకెల పొంతన కుదరదు. కుదిరినా లాభం లేదు, ఎందుకంటే అక్కడున్న మడతే లోగో వల్ల వచ్చినది. లోగో ఒక్కటే తీసేస్తే అట్టలాంటి చదునైన చోటూ, దాని చుట్టూ కిరణాలూ మిగిలి, ఇక్కడేదో ఉండేదని చెబుతూనే ఉంటాయి. దీనికి లోగోకు ఇంచుమించు రెట్టింపు వెడల్పున కింది పొర మొత్తం తీసేసి మడతను కొత్తగా వేయాలి. కిరణాల ముడతల్ని దాటి బట్ట మామూలుగా ఉన్న చోటు ఎక్కడో వెతికి అక్కడినుంచి మొదలుపెట్టాలి. చంక వైపు నుంచి వచ్చే మడత ఏ దిక్కున, ఎంత వెడల్పున వస్తోందో, పట్టీ వైపు ఎలా సన్నబడుతోందో చూసి మధ్యలో కలపాలి. మడత ఎత్తు మీద వెలుగు సన్నగా, లోయ వైపు నీడ వెడల్పుగా దిగుతుంది. రెండూ ఒకే వెడల్పున వేస్తే బట్టమీద పైపు పెట్టినట్టుంటుంది. ప్రింటు లోగోకు ఒక గంట పట్టే చోట దీనికి సగం రోజు పోవడం మామూలే, కాబట్టి పని ఒప్పుకునేముందు ఫోటోను దగ్గరగా చూసి ఇంకు ప్రింటా, దారమా అన్నది తేల్చుకుని రేటు చెప్పాలి. అదే థాను మళ్లీ దొరికే మాటైతే సాదా టీషర్టు ఒకటి కుట్టించి మళ్లీ ఫోటో తీయించుకోమనడం ఇద్దరికీ చవక.